జేజినాయనకు ఒక ఉత్తరం



చుట్టాలింట్లో బిడ్డ పుట్టిందన్న వార్త ఇప్పుడు ముందుగా వాట్సాప్ గ్రూపులోకే వస్తోంది. ఐదు నిమిషాలు గడవకముందే పూలగుత్తులు, బెలూన్లు, చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పడిపోతాయి. బిడ్డను కన్న దంపతులకు అవన్నీ చేరతాయి. అదే ఇంట్లో కొత్తగా తాతో అవ్వో అయిన పెద్దమనిషితో మనం ఏమన్నామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. చాలాసార్లు ఏమీ అని ఉండం. అనాలనుకున్నా నోటికి సరైన మాట తగలదు.

మాట తగలకపోవడానికి కారణం ఉంది. మనకు అలవాటైన మూడు మాటల్లో ఏదీ ఇక్కడ సరిగ్గా అతకదు. 'అభినందనలు' అన్నది పరీక్ష పాసైనవారికీ, బహుమతి గెలిచినవారికీ చెప్పే మాట. మనవరాలు పుట్టడం తాతగారు సాధించిన పని కాదు కదా! 'శుభాకాంక్షలు' పండగలకూ పుట్టినరోజులకూ చెప్పి చెప్పి బాగా అరిగిపోయింది. ఇక 'ఆశీస్సులు' ఎప్పుడూ పెద్దల నుంచి చిన్నలకు వచ్చేవే. పన్నెండేళ్ల పిల్ల డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని దీవించలేదు.

మరి మన ముందు తరాలవాళ్లు ఏం చేసేవారు? శుభం జరిగిన ఇంటి పెద్దకు ఒక్క మాట చెప్పి ఊరుకునేవారు కారు. మూడు పనులు చేసేవారు. తమ సంతోషం చెప్పేవారు, తల్లీబిడ్డల క్షేమం అడిగేవారు, చివర తమను దీవించమని కోరేవారు. తెలుగులో పెద్దలను అభినందించే పద్ధతి ఇదే. ఈ వానాకాలం మా అమ్మాయి రాసిన ఒక ఉత్తరం పుణ్యమా అని ఇందులో ఒక్కో భాగం ఎందుకు ఉందో మా ఇంట్లో మాట్లాడుకునే వీలు కలిగింది. అది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ఎవరికి రాశామంటే

మాది అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం. పండమేరుకు అడ్డంగా విజయనగర కాలంలో కట్టిన పెద్ద చెరువు, ఆ చెరువు కట్ట కిందే ఊరు. ఊరి పేరులోని బుక్కరాయలు 14వ శతాబ్దపు విజయనగర రాజు. పేరులో సముద్రం ఉన్నా, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే ఎక్కువనుకునే జిల్లా మాది. ఉద్యోగం వల్ల మేము హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా నాన్నకు అన్న అయిన పెద్దనాయన మాత్రం ఊళ్లోనే ఉన్నాడు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. రెండేళ్ల కిందట పెద్దమ్మ పోయింది. ఆయన కొడుకు, అంటే నాకు తమ్ముడు, బెంగళూరులో పనిచేస్తాడు. తమ్ముడి భార్య మొదటి కాన్పుకు ధర్మవరంలోని పుట్టింటికి వెళ్లింది. ఆగస్టులో అక్కడ ఆడపిల్ల పుట్టింది.

వార్త తెలిసిన రోజే నేను పెద్దనాయనకు ఫోన్ చేశాను. ఆయనది బటన్ల ఫోను. వినికిడి కూడా తగ్గింది కాబట్టి రెండు నిమిషాల్లో మాటలు అయిపోయాయి. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి తనూ ఏదైనా పంపుతానంది. నా ఫోనులో ఇలా టైప్ చేసింది: 'హాయ్ తాతా, కంగ్రాట్స్! మీకు గ్రాండ్ డాటర్ పుట్టినందుకు శుభాకాంక్షలు. బేబీ ఫొటో పంపండి. హ్యాపీగా ఉండండి.' పిల్ల మనసులో ఉన్న సంతోషం నిజమైనదే. అయితే ఆ ఫోనులో ఇది కనిపించదు. కనిపించినా, అందులో తమ ఇంటిదంటూ ఏదీ పెద్దనాయనకు దొరకదు. అందుకని రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ లెటర్ ఒకటి తెచ్చి ముందు పెట్టాం. రాయడానికి మూడు సాయంత్రాలు పట్టింది.

ముందు వరస తేల్చుకోవాలి

మొదటి సాయంత్రమంతా ఒక్క ప్రశ్నతోనే గడిచింది. పుట్టిన పాప మా అమ్మాయికి ఏమవుతుంది? బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు మాట ప్రకారం కజిన్. ఆ మాటతో ఉత్తరం రాస్తే ఎదుటివాళ్ల ఇంట్లో బిడ్డ పుట్టినట్టే ఉంటుంది. అందుకని కాగితం మీద గీత గీసి చూపించాను. మా నాన్న, పెద్దనాయన అన్నదమ్ములు. నేను, బెంగళూరు తమ్ముడు వాళ్ల కొడుకులం. అన్నదమ్ముల పిల్లలు అన్నదమ్ములే కాబట్టి తమ్ముడి కూతురు నాకు కూతురే. నాకు కూతురైతే మా అమ్మాయికి చెల్లెలే కదా!

ఇది తేలగానే ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం దానంతటదే వచ్చింది. 'నాకు చెల్లెలు పుట్టింది.' ఇందులో అభినందనలు అన్న మాటే లేదు. అయినా ఆ పెద్దాయనకు చెప్పవలసినదంతా ఉంది. నీ ఇంట్లో పుట్టిన బిడ్డ మా బిడ్డ అని చెప్పడమే ఆయనకు సంతోషం.

వరస తేల్చుకుంటే ఇంకో మేలు కూడా ఉంది. మేము పెద్దలం ఆ రోజు ఫోన్లలో 'పెద్దనాయనకు మొదటి మనవరాలు' అని మాట్లాడుకున్నాం. మా అమ్మాయి అది విని, 'మరి నేను?' అంది. వరస ప్రకారం ఆ పిల్ల ప్రశ్న సరైనదే. తమ్ముడి కొడుకు బిడ్డ కూడా ఆయనకు మనవరాలే. ఉత్తరంలో ఆ ముక్కను తనే ఇలా రాసుకుంది: 'నువ్వు ఇప్పుడు ఇద్దరు మనవరాళ్లకు జేజినాయనవి.'

ఏమని పిలవాలన్నది కూడా వరసలో భాగమే. నగరంలో అందరూ తాతయ్య, నానమ్మ, అమ్మమ్మ అంటారు. మా వైపు చాలా ఇళ్లలో నాన్న తల్లి జేజి, నాన్న తండ్రి జేజినాయన. అమ్మ తల్లి అవ్వ. మీ ఇంట్లో అబ్బ కావచ్చు, తాత కావచ్చు, నాయనమ్మ కావచ్చు. ఆ ఇంట్లో ఏ మాటతో పిలిస్తే పెద్దాయన తల తిప్పి చూస్తాడో ఉత్తరం ఆ మాటతోనే మొదలవ్వాలి.

మీరా, నువ్వా?

పెద్దలకు రాస్తున్నాం కాబట్టి 'మీరు' అనే రాయాలని మా ఆవిడ అంది. ఎదురుగా ఉన్నప్పుడు మా అమ్మాయి ఆయన్ను 'జేజినాయనా, నువ్వు రా' అంటుంది. మా వైపు పిల్లలు జేజినీ అవ్వనూ అలాగే పిలుస్తారు. అందులో అగౌరవం లేదు, చనువు ఉంది. ఎప్పుడూ నువ్వు అనే పిల్ల కాగితం మీద హఠాత్తుగా మీరు అంటే ఆయనకు ఎవరో పరాయిపిల్ల రాసినట్టు తోస్తుంది. అందుకని నువ్వే ఉంచాం. అదే ఉత్తరం కోడలు హోదాలో మా ఆవిడ రాసి ఉంటే మీరు తప్పదు. మీ ఇంట్లో నోటితో ఏది అంటారో కాగితం మీదా అదే అనడం మంచిది.

మరి గౌరవం ఎక్కడ కనిపించాలి? పలకరింపులో, చివరి మాటలో, అడిగే ప్రశ్నల వరుసలో కనిపించాలి. పాత ఉత్తరాల్లో పలకరింపులకు పెద్ద పద్ధతే ఉండేది. పెద్దలకు పూజ్యులైన అనీ, చిన్నవారికి చిరంజీవి అనీ రాసేవారు. చి. అన్న అక్షరం పెద్దల పేరు ముందు పెట్టకూడదు, అది దీవెన కాబట్టి. ముత్తయిదువలకు మహాలక్ష్మీ సమానురాలైన అనీ, భర్త పోయినవారికి గంగాభాగీరథీ సమానురాలైన అనీ వేరువేరుగా రాసేవారు. మీ ఇంట్లో పాత శుభలేఖలు ఉంటే గం.భా.స. అన్న పొడి అక్షరాలు కనిపిస్తాయి. అమ్మమ్మకు రాసేటప్పుడు పాత పద్ధతి కదా అని దాన్ని తీసుకురాకండి. మనవడు పుట్టిన సంతోషంలో ఉన్న మనిషికి మొదటి పంక్తిలోనే తన ఒంటరితనం గుర్తు చేసినట్టవుతుంది. 'పూజ్యులైన' ఒక్కటి చాలు, అందరికీ సరిపోతుంది.

క్షేమం ముందు, ఫొటో తరవాత

రెండో సాయంత్రం ప్రశ్నల వంతు. మా అమ్మాయి మొదటి మెసేజ్‌లో ఉన్న ఒకే ఒక్క కోరిక ఫొటో. నిజానికి ఆ రోజుకు పెద్దనాయనే పాపను చూడలేదు. మొదటి కాన్పు పుట్టింట్లో జరిగింది. పురుడు వెళ్లాక నాన్న వైపు పెద్దలు వెళ్లి బిడ్డను చూసి రావడం మా ఇళ్లలో అలవాటు. చూడని మనిషిని ఫొటో పంపమని అడిగితే, నువ్వింకా చూడలేదా అని అడిగినట్టే. పదకొండు రోజులు నిండకుండా పసిబిడ్డ ఫొటో బయటికి పంపని ఇళ్లూ చాలా ఉన్నాయి. అందుకని ఫొటో మాట తీసేశాం.

పూజ మాట కూడా తీసేశాం. పాప పేరు మీద గుడిలో అర్చన చేయించమని రాద్దామని మా ఆవిడ అనుకుంది. పురిటి మైల బిడ్డ పుట్టిన ఇంటితో ఆగదు. నాన్న వైపు పాలోళ్లందరికీ ఉంటుంది. ధర్మవరంలో బిడ్డ పుడితే బుక్కరాయసముద్రంలో పెద్దనాయన కూడా ఆ పది రోజులూ గుడి మెట్లెక్కడు. హైదరాబాద్‌లో ఉన్న మాకూ అదే లెక్క. కొన్ని ఇళ్లలో ఈ పట్టింపు లేదు. ఉన్న ఇంటికి రాసేటప్పుడు మాత్రం గుర్తుంచుకోవాలి.

మరి ఏం అడగాలి? ముందు ఆయన ఒంటి సంగతి, తరవాత తల్లీబిడ్డల క్షేమం. ఈ రెండోదాంట్లో తల్లి ముందు రావాలి. పసిబిడ్డ వచ్చాక కన్నతల్లిని అందరూ మరిచిపోతారు. 'ధర్మవరంలో చిన్నమ్మ, చెల్లెలు బాగున్నారా?' అని మా అమ్మాయి రాసిన వరుసే సరైనది. ఆ తరవాత వాన సంగతి. ఇది అభినందనల్లో ఎందుకని మీరు అనుకోవచ్చు. చెరువుకు నీళ్లొచ్చాయా, చెనక్కాయ చేను ఎలా ఉంది అని అడగకుండా మా వైపు ఏ ఉత్తరమూ పూర్తి కాదు. ఇంటికి బిడ్డ వచ్చిన ఏడాది వాన ఎలా పడిందో పెద్దవాళ్లు కలిపి గుర్తుపెట్టుకుంటారు. నేను పుట్టిన ఏడు చెరువు నిండలేదని మా నాన్న ఇప్పటికీ చెబుతాడు. మీ ఊరు కోనసీమ అయితే కాలువ సంగతి అడగండి, కరీంనగర్ అయితే వరి నాట్ల సంగతి అడగండి.

రాయకూడని నాలుగు మాటలు

బంధువుల ఫోన్లలో వినబడే కొన్ని మాటలు మా అమ్మాయికి కూడా వినిపించాయి. వాటిని ఎందుకు రాయడం లేదో చెప్పవలసి వచ్చింది. బరువు ఎంత, రంగు ఏమిటి, ఆపరేషనా, ఎవరి పోలిక? ఈ నాలుగూ అడిగినవాళ్లకు కుతూహలమే. విన్నవాళ్లకు మాత్రం లెక్క చెప్పుకోవలసిన పని. బిడ్డ బొద్దుగా ఉందన్నా దిష్టి అని భయపడే పెద్దలుంటారు, చిన్నగా ఉందన్నా బాధపడే పెద్దలుంటారు.

ఆడపిల్ల పుట్టినప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. 'మహాలక్ష్మి పుట్టింది' అనే మాట మంచిదే. దాని చివర ఒక చిన్న 'లే' చేరితే అర్థం తిరగబడుతుంది. 'మహాలక్ష్మి పుట్టిందిలే' అంటే అది ఓదార్పు. 'ఆడపిల్లైనా ఏంలే' అంటే ఇంకా సూటి. ఓదార్పు మొదలైందంటే అక్కడ ఏదో నష్టం జరిగిందని అన్నట్టే. మాట బాగుందో లేదో తేల్చుకోవడానికి మా ఇంట్లో ఒక పరీక్ష పెట్టుకున్నాం. అదే వాక్యం మగపిల్లవాడు పుట్టినా రాస్తామా? 'ఇంటికి మహాలక్ష్మి వచ్చిందిలే' అన్నది ఈ పరీక్షలో నిలవదు. 'నాకు చెల్లెలు పుట్టింది' అన్నది నిలుస్తుంది. చెల్లెలి చోట తమ్ముడు అని పెడితే చాలు.

రెండో పరీక్ష గట్టిగా చదవడం. పెద్దనాయనకు కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది. ఉత్తరం వస్తే పక్కింటి పిల్లవాడి చేత చదివించుకుంటాడు. అరుగు మీద నలుగురు కూర్చుని ఉంటారు. నలుగురిలో పైకి చదవలేని వాక్యం ఏదున్నా అది ఉత్తరంలో ఉండకూడదు. మా అమ్మాయి ఒక్కో పంక్తి పైకి చదివింది, నేను దూరంగా కూర్చుని విన్నాను.

జేజి మాట ఎలా చెప్పాలి?

మూడో సాయంత్రం ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాం. మా అమ్మాయి తనంతట తానే రాసింది: 'జేజి ఉంటే చెల్లెల్ని ఎత్తుకుని వదిలేది కాదు.'

ఆ వాక్యం నిజం. పెద్దమ్మ మా అమ్మాయిని అలాగే పెంచింది. కోడలు నెల తప్పిందన్న మాట వినకుండానే ఆమె పోయింది. పెద్దనాయన మనసులో ఆ రోజంతా ఉన్నది కూడా ఇదేనని నాకు తెలుసు. అయినా అరుగు మీద పక్కింటి పిల్లవాడు పైకి చదివే ఉత్తరంలో ఆ మాట ఉంటే ఆయన ఏం చేయాలి? అందరిముందూ కన్నీళ్లు పెట్టుకోవాలి, లేదా పెట్టుకోకుండా బిగబట్టుకోవాలి. రెండూ కష్టమే. 'జేజే మళ్లీ పుట్టింది' అని రాద్దామని మా ఆవిడ అంది. ఆ మాట మన ఇళ్లలో చాలామందికి ఊరట. కానీ అది ఆ ఇంటి పెద్ద తనకు తానుగా అనవలసిన మాట. ఆయన అంటే మనం అవుననవచ్చు. మనమే ముందుగా అంటే, రెండు రోజుల పసిబిడ్డ మీద పోయిన మనిషి బరువు పెట్టినట్టవుతుంది. ఆ బిడ్డ తల్లికి కూడా అది నచ్చకపోవచ్చు.

అలాగని జేజి పేరే లేకుండా రాస్తే మరిచిపోయినట్టుంటుంది. మా అమ్మాయి చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. తరవాత, 'బొంత గురించి రాయనా?' అని అడిగింది. పాత నూలు చీరలు పొరలుగా వేసి చేత్తో కుట్టిన బొంత అది. మా అమ్మాయి పుట్టినప్పుడు పెద్దమ్మ కుట్టింది. ఆమె పోయాక పెద్దనాయన ఇంట్లోని పెట్టెలోనే ఉంది. దాన్ని అడిగితే జేజి మాట వస్తుంది. ఏడుపు రాకుండా వస్తుంది. ఆయన చేయడానికి ఒక పని కూడా దొరుకుతుంది. ఆ వాక్యం తీసి ఈ వాక్యం పెట్టాం.

చివరికి ఉత్తరం ఇలా వచ్చింది. పెద్ద అక్షరాలతో, నల్ల సిరాతో, పంక్తికీ పంక్తికీ మధ్య వేలెడు ఖాళీ వదిలి రాసింది.

హైదరాబాద్,
ఆగస్టు 18.

పూజ్యులైన జేజినాయనకు నమస్కారం.

ఇక్కడ నేను, అమ్మ, నాన్న బాగున్నాము. నువ్వు ఎలా ఉన్నావు? కంట్లో చుక్కల మందు రోజూ వేసుకుంటున్నావా?

నాకు చెల్లెలు పుట్టిందని నాన్న చెప్పాడు. నాకు చాలా సంతోషంగా ఉంది. నువ్వు ఇప్పుడు ఇద్దరు మనవరాళ్లకు జేజినాయనవి. ధర్మవరంలో చిన్నమ్మ, చెల్లెలు బాగున్నారా?

చెరువుకు నీళ్లు వచ్చాయా? చెనక్కాయ చేను ఎలా ఉంది?

జేజి కుట్టిన బొంత మన ఇంట్లో పెట్టెలో ఉంది కదా. నేను చిన్నప్పుడు దాని మీదే పడుకున్నానని అమ్మ చెప్పింది. ఇప్పుడు దాన్ని చెల్లెలికి ఇస్తావా?

చెల్లెల్ని ఉయ్యాలలో వేసే రోజు మేము వస్తాము. నన్నూ, చెల్లెల్నీ దీవించు.

ఇట్లు
నీ పెద్ద మనవరాలు.

చివరి రెండు పంక్తులు చూడండి. దీవించమని అడగడమంటే ఆయన్ను మళ్లీ ఇంటి పెద్ద స్థానంలో కూర్చోబెట్టడం. పిల్లలు ఇచ్చే శుభాకాంక్షలు అందుకుని ఊరుకోవడం కంటే, పిల్లలకు తాను ఏదైనా ఇవ్వడం ఆ వయసు మనిషికి తృప్తి.

జవాబు

ఉత్తరం వేసిన ఐదో రోజున పెద్దనాయన ఫోన్ చేశాడు. నాతో మాట్లాడకుండా మనవరాలికి ఇమ్మన్నాడు. ఉత్తరంలోని ప్రశ్నలకు ఒకదాని తరవాత ఒకటి, వరుస తప్పకుండా జవాబు చెప్పాడు. 'చుక్కల మందు ఏసుకుంటాండా. మీ చిన్నమ్మా, బిడ్డా బాగుండారు. చెరువులోకి ఇంకా నీళ్లు రాలే. చెనక్కాయ చేను ఒక వాన పడితే నిలబడ్తాది.' కాసేపు ఆగి, 'బొంత ఉతికి ఎండకేసినాను' అన్నాడు. ఆ తరవాత ఆయనే పెద్దమ్మ మాట ఎత్తాడు. ఆ బొంతలో ఏ చీర ఎప్పటిదో, అందులో ఒకటి ఆమె పెళ్లినాటిదని, మా అమ్మాయికి ఎప్పుడూ తెలియని సంగతులు చెప్పాడు. రెండు నిమిషాలు దాటని ఫోను ఆ రోజు పావుగంట సాగింది. పెట్టేముందు, 'మీ ఇద్దరూ సల్లగుండండి తల్లీ' అన్నాడు.

ఇంకొక పెద్ద మనిషి సంగతి కూడా చెప్పాలి. బిడ్డ పుడితే శుభాకాంక్షలన్నీ నాన్న వైపు ఇంటికే వెళ్తాయి. ధర్మవరంలో బాలింతకు పథ్యం వండి, తెల్లవారకముందే నీళ్లు కాచి, రాత్రుళ్లు పసిబిడ్డతో మేలుకుంటున్నది అమ్మమ్మ. ఆమెకూ మనవరాలే పుట్టింది. మా ఆవిడ ఆమెకు మధ్యాహ్నం, బిడ్డ నిద్రపోయే వేళ చూసుకుని ఫోన్ చేసింది. 'చిన్నమ్మా, నీకు నిద్ర ఉంటోందా?' అని అడిగింది. అవతల ఒక్క క్షణం మాట లేదు. తరవాత, 'ఈ మాట నన్నడిగింది నువ్వేనమ్మా' అంది. ఆమెకు ఉత్తరం చదివే తీరిక ఆ నెలలో ఉండదు. కొందరు పెద్దలకు ఉత్తరం, కొందరికి వేళ చూసి చేసిన ఫోను.

మీ బంధువుల ఇంట్లో ఇలాంటి వార్త వచ్చినప్పుడు, పెద్దవాళ్లకు ఆ రోజే మీరు ఫోన్ చేయండి. సంతోషం చెప్పి, క్షేమం అడిగి పెట్టేయండి. పిల్లల చేత ఉత్తరం రాయించడానికి ఒకటి రెండు రోజులు ఆగవచ్చు. ఆగడం మంచిది కూడా, తల్లీబిడ్డలు ఎలా ఉన్నారో ఈలోగా తెలుస్తుంది. నెలలు నిండకుండా పుట్టి బిడ్డ ఆసుపత్రిలో ఉంటే సంతోషం మాటలన్నీ పక్కన పెట్టి క్షేమం ఒక్కటే అడగాలి. బిడ్డ ఇంటికొచ్చాక మిగతాది రాయవచ్చు. ఆలస్యమైందని ఏ తాతా అనుకోడు.

పిల్లలు రాసేటప్పుడు మీరు వాక్యాలు చెప్పకండి. వరస చెప్పండి, ఆ ఇంటి సంగతులు చెప్పండి. ఆ ఊళ్లో చెరువు ఏది, ఇంట్లో పాత వస్తువు ఏది, ఆ పెద్దాయన కంటికి ఏ మందు వేసుకుంటున్నాడు అన్నవి పిల్లలకు తెలిస్తే మిగతా మాటలు వాళ్లే రాసుకుంటారు.